పంపు అడుగున వేడి ఎక్కడిది?

సైకిల్ ట్యూబుకి గబగబా గాలి కొట్టి పంపు గొట్టాన్ని అడుగున పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వాషర్ రాపిడి వల్లే అనుకుంటారు చాలామంది. రాపిడి పాత్ర కొంత ఉన్నమాట నిజమే. కానీ వాషర్ గొట్టం పొడవునా రాసుకుంటుంది కదా, వేడి అడుగునే ఎందుకు ఎక్కువ? గాలి నలిగేది అక్కడే కాబట్టి.

పిడిని కిందికి నొక్కినప్పుడు మనం చేసే పని గాలి అణువులకు అందుతుంది, వాటి వేగం పెరుగుతుంది. అణువుల వేగం పెరగడమంటే గాలి వేడెక్కడమే. ఆ వేడి గొట్టం గోడలకు పాకే లోపే నొక్కడం పూర్తయితే దాన్ని స్థిరోష్ణక సంపీడనం అంటారు.

ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టడానికి గామా (γ) అనే సంఖ్య కావాలి. కిలో గాలిని మూసిన పాత్రలో ఒక్క డిగ్రీ వేడిచేయడానికి సుమారు 718 జౌళ్లు చాలు. అదే గాలిని పీడనం మారకుండా, వ్యాకోచించనిస్తూ వేడిచేస్తే 1005 జౌళ్లు పడుతుంది. చుట్టూ ఉన్న గాలిని నెట్టడానికయ్యే ఖర్చే ఈ అదనం. రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తే 1.4. గాలికి గామా అదే.

సూత్రం ఇది:

T₂ = T₁ × (P₂/P₁)^((γ−1)/γ)

బయట 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్. ట్యూబులో పీడనం వాతావరణ పీడనానికి మూడు రెట్లు అనుకుందాం. ఘాతం 0.4ను 1.4తో భాగిస్తే 0.286. మూడును ఆ ఘాతానికి పెంచితే 1.37. దాంతో 303ని గుణిస్తే 415 కెల్విన్, అంటే 142 డిగ్రీలు! ఇక్కడ కెల్విన్ మరిచి సెల్సియస్‌లోనే గుణిస్తే 41 అని వస్తుంది. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. మీటరున్న పంపుతో ఇంకో చిక్కుంది. అది చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్నదే కాబట్టి, దానికి ఒకటి కలపకపోతే మూడుకు బదులు రెండే వస్తుంది.

మరి చెయ్యి కాలదేం? 40 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పట్టే గాలి గ్రాములో మూడో వంతు. అందులోని అదనపు వేడి సుమారు 27 జౌళ్లు. అదంతా 300 గ్రాముల ఉక్కు గొట్టానికి ఎక్కినా, దాని ఉష్ణోగ్రత డిగ్రీలో ఐదో వంతు కూడా పెరగదు. పైగా వేడిగాలిలో చాలా భాగం ట్యూబులోకే పోతుంది. వరసగా కొడితేనే వెచ్చదనం తెలుస్తుంది.

142 గరిష్ఠ పరిమితి మాత్రమే. నిజంగా కొట్టేటప్పుడు కొంత వేడి గోడలు లాగేసుకుంటాయి. మరీ నెమ్మదిగా నొక్కితే గాలి 30 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది.

డీజిల్ ఇంజన్‌లో గాలి క్షణంలో పద్దెనిమిదో వంతుకు నలుగుతుంది. ఇదే లెక్క ప్రకారం అక్కడ వేడి 690 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే దానికి స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు.