గాలికి కిరాయి

"చాలా అర్జెంటు. నెలాఖరుకల్లా సరుకు మా షాపుల్లో ఉండాలి." హైదరాబాదులో పోచంపల్లి ఇక్కత్ కుషన్లు కుట్టించి ఎగుమతి చేసే వ్యాపారికి 12వ తేదీన హాంబర్గ్ నుంచి ఇలా మెయిల్ వచ్చిందనుకుందాం. 40 పెట్టెలు సిద్ధంగానే ఉన్నాయి, కానీ మాట్లాడుకున్నది ఓడలో పంపడానికి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లసాగాయి. ఆ దారిలో అయితే నెలన్నర పైనే. విమానంలో అయితే రెండువైపులా కస్టమ్స్‌తో కలిపి వారం, పది రోజులు.

"సరే, విమానంలో పంపేస్తాం" అని వెంటనే జవాబు రాయబోయే ముందు టేపు తీసుకుని పెట్టె కొలవాలి. విమానంలో కిరాయి బరువుకే కాదు, చోటుకూ కట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చే అంకెను, అసలు బరువును పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. మన పెట్టె 60, 40, 50 సెంటీమీటర్లు. అంటే లెక్కలో 20 కిలోలు. తూకంలో మాత్రం 12 కిలోలే. కిలోకు 250 రూపాయలనుకుంటే 40 పెట్టెలకు రెండు లక్షలు. ఇందులో 80 వేలు కుషన్లలోని గాలికి కట్టే కిరాయే!

ఆ గాలి తీయించి పెట్టె ఎత్తు 30కి తగ్గిస్తే రెండు లెక్కలూ 12 కిలోల దగ్గర కలుస్తాయి. బిల్లు లక్షా ఇరవై వేలకు దిగుతుంది. అయితే బట్ట ముడతలు పడుతుంది, అక్కడ ఇస్త్రీ చేయించుకోవాలి. ఆ సంగతి కొనేవారికి ముందే చెప్పాలి.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: మొదటి రోజున ఎన్ని కావాలి? ఏడు షాపులకు రెండేసి పెట్టెలు చాలంటే విమానమెక్కేది 14 పెట్టెలే, 168 కిలోలు. తక్కువ బరువుకు రేటు కాస్త పెరుగుతుంది. కిలో 280 చొప్పున 47 వేల చిల్లర. మిగతావి ఓడలో. కాకపోతే కాగితాలు, క్లియరింగ్ ఖర్చులు రెండుసార్లు.

అప్పుడు జవాబు ఇలా ఉంటుంది:

"మొత్తం విమానంలో అయితే 1,20,000 రూపాయలు, 22కల్లా మీ గోదాములో. 14 పెట్టెలు మాత్రమే అయితే సుమారు 47,000, అదే తేదీ. మిగతావి ఓడలో నెలన్నర తర్వాత. అన్నీ ఓడలోనే అయితే అదనపు ఖర్చు లేదు, కానీ మీ నెలాఖరు దాటిపోతుంది. మన ఒప్పందం ఎఫ్‌ఓబీ కనుక కిరాయి మీదే. విమానం రేటు గురువారం సాయంత్రం వరకే నిలుస్తుంది. పెట్టెలు నొక్కి కట్టడానికి మాకు ఒక రోజు పడుతుంది, అందుకే మీ మాట బుధవారానికే కావాలి."