గుడివాడ కొట్టులో పదివేల తేడా

విజయవాడలో బట్టల కొట్టు, దానికి గుడివాడలో ఒక బ్రాంచి ఉన్నాయనుకుందాం. ఈ ఏడాది విజయవాడ నుంచి గుడివాడకు 4 లక్షల అసలు ధర గల సరుకు వెళ్లింది. దానిపై పాతిక శాతం కలిపి, ఇన్‌వాయిస్ 5 లక్షలకు రాశారు. చీర మీద అంటించిన ధర అదే. అమ్మాల్సింది కూడా అంతకే.

ఏడాదిలో నగదు అమ్మకాలు 2,60,000, అరువు అమ్మకాలు 1,40,000. అరువులో లక్ష వసూలైంది, 40,000 బాకీ ఉంది. వచ్చిన డబ్బంతా విజయవాడకు పంపారు. జీతాలు, అద్దె కలిపి 50,000 విజయవాడే భరించింది. చివరిరోజు బీరువాలు దింపి లెక్కపెడితే, అంటించిన ధరల ప్రకారం 90,000 సరుకు ఉంది.

డెటార్స్ పద్ధతిలో గుడివాడ పేరిట ఒకే ఖాతా తెరుస్తారు. పంపిన సరుకు, ఖర్చులు ఒకవైపు. వచ్చిన డబ్బు, మిగిలిన సరుకు, అరువు బాకీలు మరోవైపు. సరుకు మీద కలిపిన పాతిక శాతాన్ని తీసేసి అసలు ధరకు తెచ్చుకుంటే లాభం 22,000 తేలుతుంది. గుమాస్తా ఒక్కపూటలో ముగించే పని. చిన్న బ్రాంచికి ఇంతకన్నా అక్కర్లేదనేవాళ్లు చాలామంది.

కానీ ఆ 22,000 వెనక ఏముందో ఈ ఖాతా చెప్పదు.

స్టాక్ అండ్ డెటార్స్ పద్ధతిలో సరుకుకు వేరే ఖాతా, అరువుదారులకు వేరే, ఖర్చులకు వేరే. సరుకు ఖాతాను మొత్తం ఇన్‌వాయిస్ ధరకే నడుపుతారు. కీలకం అక్కడే ఉంది. 5 లక్షల సరుకు దిగింది, 4 లక్షలు అమ్మారు, మిగలాల్సింది లక్ష. బీరువాలో ఉన్నది 90,000. పదివేల సరుకు ఏమైందని ఖాతాయే అడుగుతుంది.

ఆ పదివేలలో అసలు ధర 8,000, కలిపిన లాభం 2,000. సర్దుబాటు ఖాతాలో స్థూల లాభం 80,000 వస్తుంది. అందులోంచి 8,000 నష్టం, 50,000 ఖర్చులు పోతే మిగిలేది మళ్లీ 22,000. రెండు పద్ధతుల్లోనూ లాభం ఒక్కటే. అయితే సరుకు సరిగ్గా ఉండుంటే 30,000 వచ్చేదని రెండో పద్ధతిలోనే తెలుస్తుంది.

తేడా కనపడగానే దొంగతనం అనుకోవడం అన్యాయం. పండగ తగ్గింపు ఇచ్చి, దాన్ని విడిగా రాయకపోతే తగ్గించిన మొత్తమే సరుకు లోటులా కనిపిస్తుంది. ఏడాది చివర పంపిన మూట దారిలో ఉన్నా అంతే. అందుకని ముందు బిల్లుల్లో అమ్మిన ధరను అంటించిన ధరతో సరిచూడాలి, తర్వాత ట్రాన్స్‌పోర్టు రసీదుల తేదీలు చూడాలి. ఆ రెండింటిలోనూ దొరకనిదాన్నే గుడివాడ మేనేజరును అడగాలి.