ఏ ఊరి ఒంటిగంటన్నర?

అనువాద సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే బృందాలు హైదరాబాద్‌లో ఒకటి, కాలిఫోర్నియాలో ఒకటి ఉన్నాయనుకుందాం. ఫలితాల పట్టికలో తేదీ 03/04/2025. ఇక్కడివాళ్లకది ఏప్రిల్ 3, అక్కడివాళ్లకు మార్చి 4.

ఏప్రిలే అని తేలినా చిక్కు వీడదు. హైదరాబాద్ పరీక్ష 3న తెల్లవారుజామున 1:30కి, కాలిఫోర్నియా పరీక్ష 2న మధ్యాహ్నం 2 గంటలకు ముగిశాయి. ఏది తాజాది? 3వ తేదీదే అనిపిస్తుంది. కాదు! ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీలోకి మారిస్తే మొదటిది 2న 20:00, రెండోది 21:00. తేదీ చూసి వరుస పెడితే పాత మార్కులే తాజావిగా చలామణీ అవుతాయి.

ఐఎస్‌ఓ 8601 పద్ధతిలో ఇలా రాస్తారు:

```
2025-04-03T01:30:00+05:30
2025-04-02T14:00:00-07:00
```

చివరి అంకెలు యూటీసీతో తేడా. బదులుగా ‘ఐఎస్‌టీ’ అని రాస్తే ఇజ్రాయెల్ సమయమనీ అనుకోవచ్చు. కాలిఫోర్నియాలో 2025 నవంబరు 2న గడియారాలు వెనక్కి జరిగి, రాత్రి 1:30 రెండుసార్లు వచ్చింది. మొదటిదానికి -07:00, రెండోదానికి -08:00 ఉంటేనే తేడా తెలుస్తుంది.

అయితే పై రెండు వరుసలనూ అక్షరాలుగా పేరిస్తే క్రమం మళ్లీ తప్పుతుంది. అందుకే భద్రపరిచేటప్పుడు అన్నిటినీ యూటీసీలోకి మార్చి, చివర Z పెడతారు: 2025-04-02T20:00:00Z.