తెలియని నంబరుకు రెజ్యూమే పంపేటప్పుడు

మా పిన్ని కూతురు బీకాం అయ్యాక గుంటూరులో ఒక ఎరువుల షాపులో రెండేళ్లు లెక్కలు చూసింది. పెళ్లయి విజయవాడ వచ్చింది. అక్కడ ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మనిషి కావాలట అంటూ, పాత షాపుకు వచ్చే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆయన నంబరిచ్చాడు. ఇది వాట్సాప్‌లో పంపిన వరస: పొద్దున్నే ‘హాయ్ సర్’. కాసేపటికి పూలబొమ్మతో గుడ్ మార్నింగ్. గంట తర్వాత పీడీఎఫ్. దాని కింద ‘జాబ్ ఉంటే చెప్పండి సర్ ప్లీజ్’. నీలి టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.

“చూసి కూడా పలకలేదన్నయ్యా, అంత పొగరా?” అంది.

నా ఫోన్లో తన నంబరు తీసేసి, అవే మెసేజీలు నాకు పంపమన్నాను. ఎవరైనా ఒకసారి చేసి చూడాల్సిన పనే ఇది. పేరు ఉండాల్సిన చోట ఒట్టి నంబరు, ఎప్పుడో సరదాగా పెట్టుకున్న ‘~చిట్టి క్వీన్’, ఫొటో చోట పిల్లిబొమ్మ. లిస్టులో కనిపించేది చివరి మెసేజే కాబట్టి, ఆయన కంటికి ముందు పడింది ‘జాబ్ ఉంటే చెప్పండి’. తెరిస్తే, ఈ నంబరును బ్లాక్ చేస్తారా, కాంటాక్ట్స్‌లో చేర్చుకుంటారా అని వాట్సాపే అడుగుతోంది. ఈవిడెవరో, నంబరు ఎక్కడిదో, ఏ పని అడుగుతోందో తెలియాలంటే పీడీఎఫ్ తెరవాలి. తెలియని నంబరు నుంచి వచ్చిన ఫైలు తెరవొద్దని అందరం చెప్పుకుంటూనే ఉన్నాం కదా!

ముందు ప్రొఫైల్లో అసలు పేరు పెట్టించాను. తర్వాత కన్సల్టెంట్‌కు ఫోన్ చేయించాను. ఆయన పేరు వాడుకుంటున్నామని ఆయనకు తెలియాలి. ఆడిటర్ గారు మొదట అడిగేది ఆయన్నే. అప్పుడు ఇద్దరం కూర్చుని రాసింది ఇదీ (పేర్లు తీసేశాను):

‘నమస్కారం సర్. గుంటూరు ట్యాక్స్ కన్సల్టెంట్ ఫలానా గారు మీ నంబరిచ్చారు. మీ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని చెప్పారు. నా పేరు ఫలానా. ఎరువుల షాపులో రెండేళ్లు ట్యాలీలో కొనుగోలు, అమ్మకం బిల్లులు ఎక్కించాను. జీఎస్టీఆర్-1కు షీటు నేనే తయారుచేసేదాన్ని. విజయవాడలోనే ఉంటున్నాను, వెంటనే చేరగలను. రెజ్యూమే ఇది, రెండు పేజీలు. రమ్మంటే ఈ వారం ఎప్పుడైనా వచ్చి కలుస్తాను.’

పరిచయం చేసినాయన పేరు ముందే ఎందుకంటే, నోటిఫికేషన్లో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. ‘కష్టపడి పనిచేస్తాను’ అని తను రాస్తే నేను కొట్టేశాను. ఆ మాట అందరూ రాస్తారు, జీఎస్టీఆర్-1 షీటు సంగతి అందరూ రాయలేరు.

ఇంగ్లిష్‌లో రాయాలా అని అడిగింది. చూసేది ఆడిటర్ గారే, ఆయన తెలుగాయనే కాబట్టి తెలుగు చాలన్నాను. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ హెచ్ఆర్‌కు అయితే ఇంగ్లిషే మేలు, అక్కణ్నుంచి అది తెలుగు రాని మేనేజరు దగ్గరికి వెళ్లొచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాత్రం వద్దు, కూడబలుక్కుని చదవాలి.

ఈ నోట్‌ను విడి మెసేజీగా పంపలేదు. పీడీఎఫ్ ఎంచుకున్నాక కింద క్యాప్షన్ రాసే చోట అతికించాం. ఆడిటర్ గారు తన మేనేజరుకు ఫైలు ఫార్వర్డ్ చేస్తే క్యాప్షన్ దాంతోపాటే వెళ్తుంది. విడిగా రాసింది ఆయన ఫోన్లోనే ఉండిపోతుంది, మేనేజరుకు చేరేది ఊరూ పేరూ లేని ఫైలు. ఆ ఫైలు పేరు కూడా ‘న్యూ ఫైనల్ 2’ అని ఉంది. తన పేరు, ‘అకౌంట్స్’, ‘విజయవాడ’ అని మార్చాం. ఇలా చేతులు మారే కాగితంలో ఆధార్ నంబరు, ఇంటి నంబరుతో సహా చిరునామా ఎందుకని అవీ తీసేశాం.

ఇంతకీ అసలు పొరపాటు తేదీది. తను మొదట పంపింది 19న. నెలనెలా జీఎస్టీ వేసేవాళ్లకు 3బీ రిటర్నుకు గడువు 20. ఆ రెండు రోజులు ఆడిటర్ ఆఫీసులో టీ తాగే తీరిక కూడా ఉండదు. ‘పొగరు’ అంతా అదేనేమో. అందుకే 22 దాకా ఆగి, పొద్దున 11 గంటలకు పంపాం. జవాబు రాకపోతే నాలుగైదు రోజులకు ఒక్కసారి గుర్తుచేయాలని, ముందు అడక్కుండా కాల్ చేయకూడదని ఒప్పందం.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు జవాబొచ్చింది: ‘ట్యాలీ ప్రైమా, పాత ఈఆర్‌పీ 9నా?’

అది రాయాలని మా ఇద్దరికీ తట్టనే లేదు.