ఒకే స్లైడు మీద రక్తం, చీము, స్ఫటికాలు

యూరిన్ రిపోర్టులో రంగు, ఆల్బుమిన్, షుగర్ వరకు చాలామంది సొంతంగానే చదువుకుంటారు. దాని కింద మైక్రోస్కోప్ కింద ఏం కనిపించిందో రాసిన భాగం దగ్గరికి వచ్చేసరికి కంగారు పుడుతుంది. ‘పస్ సెల్స్ 6-8, ఆర్‌బీసీ 25-30, కాల్షియం ఆక్సలేట్ క్రిస్టల్స్ ప్లస్ ప్లస్’ అని ఉంటుంది. పస్ అంటే చీము కదా, అయితే ఇన్ఫెక్షనే అనుకుని నేరుగా మందుల షాపుకు వెళ్లి యాంటీబయాటిక్ తెచ్చుకునేవాళ్లు ఎందరో. ఈ మూడు వరుసలనూ విడివిడిగా చదివితే ఇలాగే దారి తప్పుతాం. వాటిని కలిపి చదవాలి, మనిషిని కూడా చూసి చదవాలి.

ముందు ఆ అంకెలు ఎలా వస్తాయో చూద్దాం. పది, పన్నెండు మిల్లీలీటర్ల మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో సుమారు ఐదు నిమిషాలు గిర్రున తిప్పుతారు. బరువైనవన్నీ అడుక్కి చేరతాయి. పైన తేటను వంచేసి, మిగిలిన అర మిల్లీలీటరులో ఆ మడ్డిని కలిపి, ఒక చుక్కను స్లైడు మీద వేసి పైన పల్చటి గాజుబిళ్ల పెడతారు. సుమారు 400 రెట్లు పెద్దదిగా చూస్తే ఒక్కసారి కంటికి ఆనే గుండ్రటి జాగానే రిపోర్టులో ‘హెచ్‌పీఎఫ్’ అంటారు. స్లైడును జరుపుతూ అలాంటి జాగాలు చాలా చూసి లెక్క వేస్తారు. అందుకే అంకె ఒకటిగా కాక ‘25-30’ అని ఉంటుంది. ఆరోగ్యవంతుడి మూత్రంలోనూ ఒకటి రెండు ఎర్ర కణాలు, ఐదు లోపు చీము కణాలు కనిపించవచ్చు.

ఇప్పుడు పైన చెప్పిన రిపోర్టు ఒక 38 ఏళ్ల తాపీమేస్త్రీది అనుకుందాం. ఏప్రిల్ ఎండల్లో స్లాబు పని. తెల్లవారుజామున కుడి డొక్కలో మొదలైన నొప్పి మెలిపెడుతూ గజ్జల్లోకి దిగింది. రెండు వాంతులు అయ్యాయి. జ్వరం లేదు.

స్లైడు మీద ఎర్ర రక్త కణాలు లేత రంగులో, గుండ్రంగా, లోపల కేంద్రకం లేకుండా ఉంటాయి. ఎన్ని ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో ఎలా ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. మన మేస్త్రీ కణాలన్నీ ఒకే తీరుగా, నున్నగా ఉన్నాయి. మూత్రంలో ప్రొటీన్ లేదు. అంటే రక్తం కిడ్నీ వడపోత లోంచి వచ్చినట్టు లేదు, దాని కింది దారిలో ఎక్కడో గీసుకుని వచ్చి ఉంటుంది. అదే రక్తం వడపోత గుచ్ఛాల సందుల్లోంచి ఇరుక్కుని దూరి వస్తే కణాలు నలిగి, అంచున బుడిపెలు తేలి, రకరకాల ఆకారాల్లో కనిపిస్తాయి. ఈ తేడాతో రక్తం ఎక్కడిదో పట్టుకోవచ్చని మెల్‌బోర్న్‌లోని బిర్చ్, ఫెయిర్లీ 1979లో ప్రచురించారు. ఇప్పటికీ కిడ్నీ డాక్టర్లు స్లైడు చూస్తే ముందు వెతికేది దీన్నే.

చీము కణాలు నిజానికి తెల్ల రక్త కణాలే. ఎర్ర కణాల కంటే పెద్దవి, లోపల గింజలు గింజలుగా, కేంద్రకం తునకలుగా కనిపిస్తుంది. ఇవి ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవులు ఉన్నట్టు కాదు. ఒరిపిడి ఎక్కడ జరిగినా ఇవి వచ్చి చేరతాయి. మేస్త్రీ స్లైడులో అవి ఆరేడు, విడివిడిగా ఉన్నాయి. బ్యాక్టీరియా కనిపించలేదు, నైట్రైట్ నెగటివ్. రాయి గీరుకుపోయిన చోట వాపు వల్ల వచ్చాయనుకోవడమే సబబు. కల్చర్ కూడా పంపి, అది వచ్చాక యాంటీబయాటిక్ అవసరమో కాదో డాక్టరు తేలుస్తారు. చీము కణాలు గుంపులు కట్టి జాగా అంతా నిండిపోయి, మూత్రం పోస్తుంటే మంట, జ్వరం ఉంటే అది వేరే కథ. ఇంకొకటి కూడా ఉంది. చీము కణాలు దండిగా ఉండి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకుండా అదే మళ్లీ మళ్లీ వస్తుంటే మన దేశంలో మూత్రకోశ క్షయను గుర్తు చేసుకోవాలి. మామూలు కల్చర్‌లో క్షయ క్రిమి పెరగదు. దానికి వేరే పరీక్ష అడగాలి.

ఇక స్ఫటికాలు. చిన్న చదరంలో ఇంటూ గుర్తు వేసినట్టు మెరిసేవి కాల్షియం ఆక్సలేట్‌వి. ఇవి కనిపిస్తే రాయి ఉన్నట్టేనని భయపడేవాళ్లు చాలామంది. నీళ్లు తక్కువ తాగి, పాలకూర ఎక్కువ తిన్న ఎవరి మూత్రంలోనైనా ఇవి తేలవచ్చు. శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టినా పుట్టుకొస్తాయి. స్ఫటికాలు ఒంటరిగా ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. మేస్త్రీ విషయంలో మాత్రం శాంపిల్ తాజాది, మూత్రం బాగా చిక్కగా ఉంది, పక్కన ఒకే తీరు ఎర్ర కణాలు, ఆపైన ఆ నొప్పి. నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. స్కాన్‌లో మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల రాయి కనిపించిందనుకోండి, అంత చిన్నది చాలాసార్లు తనంతట తానే పడిపోతుంది. అన్ని స్ఫటికాలూ ఇంత తేలిక కాదు. ఆరు పలకల సిస్టీన్ స్ఫటికం ఒక్కటి కనిపించినా అది వంశపారంపర్య జబ్బు గుర్తు. మూత్రం క్షారగుణంలో ఉండి, ట్రిపుల్ ఫాస్ఫేట్ స్ఫటికాలు, గుంపులుగా చీము కణాలు కలిసి వస్తే ప్రోటియస్ లాంటి క్రిములు పెంచే ఇన్ఫెక్షన్ రాయిని అనుమానించాలి.

అదే ‘ఆర్‌బీసీ 25-30’ మరో మనిషిలో మరో మాట చెబుతుంది. నొప్పి లేదు, పాదాలు వాచాయి, బీపీ పెరిగింది, ప్రొటీన్ మూడు ప్లస్సులు, కణాలు నలిగి ఉన్నాయి, గొట్టాల ఆకారంలో ముద్దకట్టిన ఎర్ర కణాల పోతలూ కనిపించాయి. ఇది కిడ్నీ వడపోతలో వాపు. ఆలస్యం చేయకుండా నెఫ్రాలజిస్టును కలవాలి. నడివయసు దాటిన, ముఖ్యంగా పొగతాగే మనిషికి నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా వదిలేయకూడదు. మూత్రాశయ క్యాన్సర్ తరచూ అలాగే మొదలవుతుంది.

స్లైడు శుభ్రంగా ఉంటే అంతా బాగున్నట్టు కాదు. రాయి ఉన్నవాళ్లలో కొందరి మూత్రంలో రక్తకణాలే ఉండవు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్లుగా ప్రాణాలు తీస్తున్న కిడ్నీ జబ్బులో రక్తం, చీము, స్ఫటికాలు పెద్దగా కనిపించవు, ప్రొటీన్ కూడా తక్కువే. జబ్బు వడపోతను కాక సన్నటి నాళాలను, వాటి చుట్టూ ఉన్న కండను తింటుంది. అక్కడ మూత్రం స్లైడు చూసి ధైర్యం చెప్పడం ప్రమాదం. రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ముందు కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్య ధారను శుభ్రమైన డబ్బాలో పట్టండి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి, లేకపోతే కణాలు చితికిపోతాయి, బ్యాక్టీరియా పెరిగిపోతుంది. రిపోర్టులో ‘ఎపిథీలియల్ సెల్స్’ బాగా ఎక్కువ ఉంటే అది చర్మం మీదవో, తెల్లబట్టవో కలిసిన శాంపిల్ కావచ్చు, మళ్లీ ఇవ్వండి. నెలసరి రోజుల్లో అత్యవసరమైతే తప్ప ఈ పరీక్ష వద్దు. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకండి. దారి మూసుకున్న కిడ్నీలో చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లండి.