గర్భిణి బెంగ ఎంతవరకు సహజం? వైద్యుడికి ఎప్పుడు చెప్పాలి?

సూరత్‌లోని పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. ఇలాంటి ఒక ఇంటికి సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చిన యువతిని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు ఇరవై నాలుగేళ్లు, తొలి కాన్పు, ఆరో నెల. భర్తది మగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు. ఆమెకు హిందీ కొంత అర్థమవుతుంది, గుజరాతీ రాదు. పరీక్షకు వెళ్లినప్పుడు ఎలా ఉందని హిందీలో అడిగితే "ఠీక్ హై" అంటుంది. బరువు, రక్తపోటు, శిశువు గుండె చప్పుడు అన్నీ సరిగానే ఉంటాయి. మమతా కార్డులో వివరాలు నమోదవుతాయి. ఆమె మూడు వారాలుగా తెల్లవారుజామున రెండింటికి లేచి కూర్చుంటున్న సంగతి మాత్రం ఎక్కడా నమోదు కాదు.

ఇది అరుదైన పరిస్థితి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం గర్భిణుల్లో దాదాపు 10 శాతం మందికి మానసిక రుగ్మత, ప్రధానంగా కుంగుబాటు, ఎదురవుతుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇది 15.6 శాతం. అంటే ప్రతి ఆరేడుగురిలో ఒకరు. ప్రసవం తర్వాతి కుంగుబాటు గురించి కొంతైనా వింటుంటాం. అయితే అది చాలామందిలో గర్భంతో ఉన్నప్పుడే మొదలవుతుంది.

బెంగకూ జబ్బుకూ మధ్య గీత ఎక్కడ?

కాన్పు ఎలా అవుతుందో, బిడ్డ ఎలా ఉందో అన్న ఆందోళన సహజం. అమ్మతో ఫోన్‌లో మాట్లాడితేనో, స్కానింగ్ రిపోర్టు బాగుందని తెలిస్తేనో అది తగ్గుతుంది. రిపోర్టు చూసిన గంటకే మళ్లీ అదే భయం చుట్టుముడుతుంటే, రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటూ రెండు వారాలు దాటితే, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే అప్పుడు అది వైద్యుడికి చెప్పవలసిన విషయం.

గుర్తించడంలో ఒక చిక్కు ఉంది. నిద్ర చెదరడం, అలసట, ఆకలి మారడం గర్భంలో ఎలాగూ ఉంటాయి. కాబట్టి కారణాన్ని అడగాలి. మూత్రానికి లేచి మళ్లీ నిద్రపోతే అది గర్భం వల్లే కావచ్చు. లేచాక ఆలోచనలు ఆగక తెల్లారేదాకా కూర్చుంటే సంగతి వేరు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా నీరసాన్ని, దిగులును కలిగిస్తాయి. అందుకే వైద్యులు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు కూడా చూస్తారు.

స్కాట్లండ్‌లో రూపొంది, 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఈ చిక్కును దృష్టిలో పెట్టుకున్నదే. గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలుంటాయి. అలసట, ఆకలి గురించి అడగదు. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు. మన ఉదాహరణలోని యువతికి తనను తాను నిందించుకోవడం, కారణం లేని ఆందోళన, భయం అనే మూడు ప్రశ్నల్లో రెండేసి చొప్పున ఆరు వచ్చాయనుకుందాం. మిగిలిన వాటిలో ఎనిమిది. మొత్తం 14. సాధారణంగా 13 లేదా అంతకు మించితే పూర్తి పరిశీలన అవసరమని భావిస్తారు. 10 నుంచి 12 వస్తే రెండు, నాలుగు వారాల్లో మళ్లీ అడుగుతారు. ఇది జల్లెడ మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. భాషను బట్టి గీటురాయి కూడా మారుతుంది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే మొత్తం మార్కులతో పనిలేదు, అదే రోజు వైద్యుడు చూడాలి.

చికిత్స సంగతి

స్వల్ప, మధ్యస్థ స్థాయిలో మాటల ద్వారా చేసే చికిత్సతో మొదలుపెడతారు. తీవ్రమైతే మందులు కూడా ఇస్తారు. సెర్ట్రలిన్ వంటివి గర్భిణులకు లాభనష్టాలు బేరీజు వేసి వాడుతున్నవే. ఇప్పటికే మందు వాడుతున్నవారు గర్భం తెలియగానే దాన్ని హఠాత్తుగా మానేయడం తరచుగా జరిగే పొరపాటు. జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు శిశువుకు హాని చేస్తాయి కనుక, ఏ మందు ఉంచాలో, ఏది మార్చాలో వైద్యుడే తేల్చాలి.

ఏడో నెలలో పుట్టింటికి పంపే ఆచారం కొందరికి ఊరట. కానీ సూరత్‌లో మొదలైన చికిత్స అక్కడితో తెగిపోకూడదు. మందుల చీటీ, మమతా కార్డు వెంట తీసుకెళ్లి, ఊళ్లో చూసే వైద్యుడికి చూపాలి.

సూరత్‌లో స్మిమెర్, న్యూ సివిల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. భాష అడ్డైతే ఇంట్లోవారు కాకుండా నమ్మకమైన మరో మహిళను వెంట తీసుకెళ్లడం మేలు. అత్తగారు అనువాదం చేస్తుంటే చెప్పలేని మాటలు ఉంటాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన, లేని మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు కనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా, ఆమెను ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.