తొమ్మిదంగుళాల గోడకు ఎన్ని ఇటుకలు?

ఇల్లు కట్టించేవారు మేస్త్రీని మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. ఆయన గోడను ఒకసారి చూసి "పదిహేను వందలు తెప్పించండి" అంటాడు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే ఇటుకలు మిగిలి వాన నీళ్లలో నానడమూ ఉండదు, పని మధ్యలో ఆగడమూ ఉండదు. ఈ లెక్కకు టేపు, కాగితం చాలు. ఒక గోడను తీసుకుని చివరిదాకా కట్టి చూద్దాం.

గోడ పొడవు 20 అడుగులు, ఎత్తు 10 అడుగులు, మందం 9 అంగుళాలు. అందులో ఒక గుమ్మం, ఒక కిటికీ ఉన్నాయి. వాటి మీదుగా గోడ పొడవునా అర అడుగు ఎత్తున కాంక్రీటు లింటెల్ వెళ్తుంది. ఇటుక 9 అంగుళాల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు. ఇది మన దగ్గర ఎక్కువగా దొరికే సైజుల్లో ఒకటి.

ముందు గోడ వైశాల్యం చూడాలి. 20ని 10తో గుణిస్తే 200 చదరపు అడుగులు. ఇందులోంచి ఇటుక రాని చోట్లన్నీ తీసేయాలి. గుమ్మం 3.5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు కాబట్టి 24.5 చదరపు అడుగులు. కిటికీ 4 అడుగులకు 4 అడుగులు, అంటే 16. లింటెల్ 20 అడుగుల పొడవున అర అడుగు, అంటే 10. మూడూ కలిపి 50.5. మిగిలేది 149.5 చదరపు అడుగులు. చాలామంది గుమ్మం, కిటికీ తీసేసి లింటెల్‌ను మరిచిపోతారు. అది కాంక్రీటు కాబట్టి అక్కడ ఇటుక ఒక్కటీ పట్టదు.

గుమ్మం కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకోవాలో కూడా గమనించాలి. తలుపు రెక్కను కొలవకూడదు, ద్వారబంధం బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవాలి. ఇటుకలు ఆగేది అక్కడే. బంధం చెక్క 3 అంగుళాలనుకుంటే, మన గుమ్మంలో రెక్క సుమారు 3 అడుగుల వెడల్పు, 6.75 అడుగుల ఎత్తు ఉంటుంది. రెక్క కొలతతో తీసేస్తే 4 చదరపు అడుగులకు పైగా తక్కువ తగ్గుతుంది. అంటే ఒక్క గుమ్మానికి దాదాపు 38 ఇటుకలు ఎక్కువ లెక్కకొస్తాయి.

చిన్న రంధ్రాలను తీసేయనక్కర్లేదు. పనిని కొలిచి డబ్బు కట్టే భారతీయ ప్రమాణాల్లోనూ 0.1 చదరపు మీటరు, అంటే సుమారు ఒక చదరపు అడుగు దాకా ఉన్న ఖాళీలను తగ్గించరు. తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం ఈ కోవలోకి వస్తుంది. వెంటిలేటర్ రెండడుగులకు ఒకటిన్నర అడుగులుంటే మాత్రం తీసేయాలి, అది మూడు చదరపు అడుగులు.

ఇప్పుడు అసలు చిక్కు. చదరపు అడుగుకు ఎన్ని ఇటుకలు? ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. గోడ ఘనపరిమాణాన్ని ఇటుక ఘనపరిమాణంతో నేరుగా భాగించేస్తారు. మన గోడలో మిగిలింది సుమారు 112 ఘనపు అడుగులు. ఒట్టి ఇటుకలైతే ఘనపు అడుగుకు 16 పడతాయి. ఆ లెక్కన 1,794 వస్తాయి. కానీ ఇటుకలు ఒకదానికొకటి ఆనుకుని ఉండవు, మధ్యలో మాలు ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఈ ఒక్క గోడకే 460కి పైగా ఇటుకలు అదనంగా కొన్నట్టవుతుంది.

మాలు సందు అర అంగుళమనుకుంటే, గోడలో ఒక్కో ఇటుక ఆక్రమించే చోటు 9.5 అంగుళాల పొడవు, 3.5 అంగుళాల ఎత్తు. చదరపు అడుగులో 144 చదరపు అంగుళాలు కాబట్టి పొడవు వైపు బయటికి కనిపించే వరసలో చదరపు అడుగుకు 4.33 ఇటుకలు పడతాయి. తొమ్మిదంగుళాల మందంలో పక్కపక్కన రెండు ఇటుకలు ఉంటాయి కాబట్టి 8.66. అయితే గోడ రెండుగా విడిపోకుండా మేస్త్రీ ఒక వరస పొడవుగా, తర్వాతి వరస అడ్డంగా వేస్తాడు. అడ్డం వరసలో చిన్న ముఖం కనిపిస్తుంది. అది మాలుతో కలిపి 4.5కు 3.5 అంగుళాలు. అక్కడ ఒక్కో ఇటుకే గోడ మందాన్ని నింపుతుంది కాబట్టి చదరపు అడుగుకు 9.14 పడతాయి. రెండింటి సగటు 8.9. దాన్ని 149.5తో గుణిస్తే 1,331 ఇటుకలు.

ఈ అంకె సందు మందాన్ని బట్టి మారుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం సందు 10 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో మూడెనిమిదో వంతుకు కాస్త ఎక్కువ. సందు మూడెనిమిదో వంతు పెట్టి కడితే చదరపు అడుగుకు 9.4 పైచిలుకు పడి, మొత్తం సుమారు 1,410 అవుతుంది. సందులో అంగుళంలో ఎనిమిదో వంతు తేడాకే దాదాపు 80 ఇటుకలు! అందుకే పక్కింటివారి అంకె మీకు పనికిరాకపోవచ్చు. మీ మేస్త్రీ సందు ఎంత పెడుతున్నాడో తెలుసుకోవడం తేలిక. పది వరసలు కట్టాక కింది నుంచి పైకి టేపు పట్టండి. 35 అంగుళాలుంటే సందు అర అంగుళం. 33.75 ఉంటే మూడెనిమిదో వంతు. ఇటుకను కూడా బట్టీవారు చెప్పిన సైజు చూసి వదిలేయకండి. వచ్చిన లోడులోంచి పది ఇటుకలు తీసి, పొడవు వెంట వరసగా పేర్చి కొలిచి, పదితో భాగించండి. మిగతా రెండు వైపులా అలాగే చేయండి.

ఇక వృథా. గుమ్మం, కిటికీ అంచుల్లో వరస విడిచి వరస ఇటుకను కోసి ముక్కలు పెట్టాలి. అందుకే ఖాళీలు ఎక్కువున్న గోడలో వైశాల్యం తగ్గినా వృథా శాతం పెరుగుతుంది. ఫ్లైయాష్ ఇటుక అంచులు సరిగ్గా ఉండి దింపేటప్పుడు అంతగా విరగకపోతే 5 శాతం చాలు. సరిగా కాలని మట్టి ఇటుకలు ఉంటే 10 శాతం కలపాలి. మన గోడకు 5 శాతం కలిపితే సుమారు 1,400, 10 శాతం కలిపితే 1,464.

నాలుగు గోడల గది అయితే ఇంకో మాట. నాలుగు గోడలనూ బయటి కొలతతో కలిపితే మూలలు రెండుసార్లు వస్తాయి. ఒక్కో మూలలో ముప్పావు అడుగు వెడల్పున, పదడుగుల ఎత్తున గోడ అదనంగా లెక్కకొస్తుంది. నాలుగు మూలలకు 30 చదరపు అడుగులు, అంటే 267 ఇటుకలు. అలా కాకుండా రెండు గోడలకు బయటి కొలత, మిగతా రెండింటికి లోపలి కొలత తీసుకుంటే సరిపోతుంది. పిల్లర్లున్న ఇల్లయితే పిల్లరుకూ పిల్లరుకూ మధ్య ఖాళీని, బీము అడుగు దాకా ఎత్తును మాత్రమే కొలవండి.

లోడు చెప్పే ముందు ఈ లెక్కను మీ కాగితం మీద ఒకసారి వేసుకుని, మేస్త్రీ చెప్పిన అంకె పక్కన పెట్టండి. రెండింటి మధ్య తేడా పదో వంతు దాటితే, కారణం అడిగాకే డబ్బు కట్టండి.